వారము తిరుగకుండ వచ్చిన రెండవ ప్రశ్న



నర్సీపట్నం వంటి ఊరిలో అర్చకుని వద్దకు వచ్చు ప్రశ్నలలో పంటను గూర్చినవి తగ్గినవి, ఉద్యోగమును గూర్చినవి పెరిగినవి, ప్రేమను గూర్చినవి మాత్రము ఎప్పటివలెనే యున్నవి. "అతడు నన్ను వివాహమాడునా?" "ఆమె యింటివారు ఒప్పుకొందురా?" విశాఖపట్నంలో చదువుకొనుచున్న ఆడపిల్ల అడిగినను, చింతపల్లి నుండి బస్సు దిగి వచ్చిన యువకుడు అడిగినను మాట యొక్కటే. ఇందు నాకు ఆక్షేపణము లేదు. ఆక్షేపణమంతయు ఆ ప్రశ్ననే మరుసటి వారము మరల తెచ్చుటను గూర్చి. అదికూడ అన్ని వేళల దోషము కాదు. ఎప్పుడు శాస్త్రసమ్మతము, ఎప్పుడు కేవలము నచ్చిన జవాబు దొరకువరకు వేయు గాలము అను వివేచనము మన వారిలో సన్నగిల్లినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రశ్నశాస్త్రము జాతకమునకు భిన్నమైనది. జాతకము జన్మకాలమును ఆశ్రయించును. ప్రశ్న, అడిగిన కాలమును ఆశ్రయించును. వరాహమిహిరుని కుమారుడైన పృథుయశస్సు షట్పంచాశికను ఏబదియారు శ్లోకములలో కూర్చినను, క్రీ.శ. 1649లో కేరళ దేశమున ప్రశ్నమార్గము పుట్టినను, వాటికి మూలమైన నమ్మకము ఒక్కటే: మనస్సులో సందేహము పరిపక్వమై నోటిమీదకు వచ్చిన క్షణమునకును, ఆ క్షణమందలి ఆకాశమునకును సంబంధము కలదని. కనుకనే ప్రశ్నమార్గకారుడు గ్రహములనే కాక, పృచ్ఛకుడు నిలుచున్న దిక్కును, పలికిన మొదటి మాటను, తాకిన అవయవమును సైతము గమనింపుమనెను. ఆ క్షణము ఒక్కసారియే వచ్చును. వారము తరువాత వచ్చునది వేరొక క్షణము. అది దేనిని పుట్టించిన క్షణము? క్రొత్త సందేహమునా, పాత భయమునా? విచారణ అంతయు ఇచటనే యున్నది.

ఊరక చెప్పిన నమ్మశక్యము కాదు గనుక ఒక ఉదాహరణమును వేసి చూతము. ఇది ఎవరి కథయు కాదు, లెక్క కొరకు కల్పించినది. అయితే లెక్క మాత్రము సరియైనది.

వైశాఖ పూర్ణిమనాడు ఉదయము పది గంటలకు ఒక అమ్మాయి వచ్చి, "పంతులుగారూ, అతను నన్ను పెళ్ళి చేసుకుంటాడా?" అని అడిగినదనుకొందము. సూర్యుడు వృషభమున పది భాగలలో నున్నాడు. మన ఊరి అక్షాంశమున ఆ వేళకు కర్కాటక లగ్నము ఇంచుమించు పదునైదు భాగలు ఉదయించియుండును. లగ్నము పృచ్ఛకురాలు, సప్తమము ఆ యువకుడు. కర్కాటకమునకు అధిపతి చంద్రుడు. సప్తమమైన మకరమునకు అధిపతి శని. చంద్రుడు వృశ్చికమున తొమ్మిదవ భాగలోను, శని మీనమున పదునాలుగవ భాగలోను ఉన్నారనుకొందము.

శీఘ్రగతి గల చంద్రుడు వెనుక నుండి, మందగతి గల శనిని త్రికోణదృష్టితో చేరబోవుచున్నాడు. నడుమ దూరము అయిదు భాగలు. తాజిక సంప్రదాయమున దీనిని ఇత్థశాలయోగమందురు. కార్యము కుదురునని అర్థము. అయితే చంద్రుడు వృశ్చికమున నీచలో నున్నాడు గనుక ఆమె మనస్సు కుంగియున్నది. శని సప్తమాధిపతి గనుక అవతలి పక్షము తొందరపడదు. ఎంత కాలము పట్టును? చరరాశిలో భాగకొక దినము, స్థిరరాశిలో భాగకొక మాసము అని లెక్కించు సంప్రదాయమొకటి కలదు. వృశ్చికము స్థిరరాశి. అనగా అయిదు మాసములు, ఆశ్వయుజము వరకు. "కుదురును తల్లీ, కాని ఆలస్యమగును. ఆశ్వయుజము దాక ఓపిక పట్టవలెను" అని జవాబు.

ఆమె ఇంటికి వెళ్ళినది. వారము గడచినది. ఆ వారములో ఏమియు జరుగలేదు. అతడు ఎప్పటివలెనే మాటలాడుచున్నాడు, ఎప్పటివలెనే పెళ్ళి మాట దాటవేయుచున్నాడు. ఆమెకు నిద్రపట్టక మరల అదే పది గంటలకు వచ్చి, "ఇంకొక్కసారి చూడండి పంతులుగారూ" అన్నది.

ఈ వారములో ఆకాశమున ఏమి మారినదో చూడుడు. లగ్నము దినమునకు నాలుగు నిమిషముల చొప్పున ముందుకు జరుగును గనుక ఏడు దినములకు ఇరువదియెనిమిది నిమిషములు, సుమారు ఏడు భాగలు. అనగా అదే కర్కాటకము, ఇరువదిరెండవ భాగ. శని అర భాగ కదలినాడో లేదో. సూర్యుడు ఏడు భాగలు నడచి వృషభముననే యున్నాడు. చంద్రుడొక్కడే దినమునకు పదుమూడు భాగలకు పైగా పరుగిడి తొంబదిరెండు భాగలు దాటి కుంభమున పదునొకండవ భాగకు చేరినాడు. కుంభము కర్కాటకమునకు అష్టమము. లగ్నాధిపతి అష్టమమున, కృష్ణపక్షపు అష్టమినాడు. పైగా కుంభమునుండి ప్రక్కరాశియైన మీనమందున్న శనికి తాజికదృష్టియే లేదు. యోగము లేదు, బలము లేదు. పుస్తకము చూచి జవాబు చెప్పువాడు "ఈ సంబంధము పొసగదు" అని చెప్పి తీరును.

ఆమె హతాశురాలై, మూడవ వారము మరల వచ్చినదనుకొందము. చంద్రుడు మరి తొంబదిరెండు భాగలు నడచి వృషభమున పదుమూడవ భాగలో, రోహిణిలో, ఉచ్చలో నున్నాడు. కర్కాటకమునకు అది లాభస్థానము. శని ఒక్క భాగ దూరములో, మిత్రదృష్టిలో. అమావాస్య సమీపించుటచే చంద్రుని కాంతి క్షీణించినదన్న లోటును మినహాయించిన, ఇంతకంటె శుభమైన జవాబు అరుదు. "వెంటనే కుదురును" అనవలెను. నాలుగవ వారమున వచ్చినచో చంద్రుడు సింహమున. అచటి నుండి శనికి మరల దృష్టి లేదు. "కుదరదు".

అవును, కాదు, అవును, కాదు. ఈ నాలుగు జవాబుల మధ్య ఆ యువకుని మనస్సులో గాని, ఇరు కుటుంబములలో గాని ఒక్క రేణువు కదలలేదు. కదలినది చంద్రుడు. వారమునకొక పాదము చొప్పున రాశిచక్రమును చుట్టుట ఆయన నిత్యకృత్యము. ఆ పరుగునకును, అమ్మాయి వివాహమునకును సంబంధము లేదు. వారము వారము అదే వేళకు అదే ప్రశ్న అడుగువారు ఎరుగక చేయుచున్న పని చంద్రుడు ఎచట నున్నాడో కనుగొనుటయే. దానికి పంచాంగము చాలును, అర్చకుడు అక్కరలేదు.

ఇంకొక సంగతి. మొదటి చక్రమే ఆశ్వయుజము అని కాలము చెప్పినది. ఏడు దినములకు ఆ మాట ఋజువు కాదు, అబద్ధమును కాదు. గడువు తీరని జవాబును మరల ప్రశ్నించుట మొదటి జవాబును వినలేదనుటతో సమానము.

మన గ్రామాలయములలో ప్రశ్న అనిన అందరికి చక్రమే గుర్తుకు రాదు. అమ్మవారి ముందు తెల్లపువ్వు, ఎర్రపువ్వు వేరువేరు కాగితములలో మడచి, పసిబిడ్డ చేత ఒకటి తీయించు అలవాటును ఎరుగనివారు లేరు. అందులోను ఇదే చిక్కు. ఒక్కమారు తీసిన, కోరిన పువ్వు వచ్చుటకు సగము పాలు. కోరినది రాలేదని మరల తీయుచు నాలుగు మారులు తీసినచో, ఒక్కసారియైనను కోరిన పువ్వు రాకుండుటకు పదహారింట ఒక్కటే పాలు. అనగా పదునైదు పాళ్ళు వచ్చియే తీరును. వచ్చిన వెంటనే ఆపి కన్నుల కద్దుకొనువారిని చూచియున్నాము. అది అమ్మవారి అనుజ్ఞ యని చెప్పుటకు నోరు రాదు. ఎన్ని మారులు తీయుదుమో తీయకముందే నిశ్చయించుకొననిచో ఆ పువ్వునకు పువ్వను అర్థమే తప్ప వేరొకటి లేదు.

అయితే వారము తరువాతి ప్రశ్న సర్వదా నిషిద్ధమా? కాదు. పై ఉదాహరణముననే ఒక్క సంగతి మార్చి చూతము.

ఆరవ దినమున అతడు ఫోను చేసి, "చెల్లెలి పెళ్ళి అయ్యేవరకూ నా పెళ్ళి మాట ఎత్తొద్దని నాన్న కచ్చితంగా చెప్పేశాడు" అన్నాడనుకొందము. ఏడవ దినమున ఆమె వచ్చినది. లగ్నమదే, శని అదే, అష్టమమున చంద్రుడు అదే. కాని ఇప్పుడు ఆమె అడుగునది "చేసుకుంటాడా?" అని కాదు, "నేను ఊరకే ఎదురు చూడనా, మా నాన్నగారికి చెప్పేయనా?" అని. ఇది వేరు ప్రశ్న. లోకమున ఒక సంగతి జరిగినది, దానివలన నిర్ణయింపవలసిన పని యొకటి ఏర్పడినది. ఇప్పుడు అష్టమచంద్రునికి అర్థము కలదు: అది నిజముగా వచ్చిన ఆటంకము, కల్పించుకొన్న భయము కాదు. దైవజ్ఞుడు అచటితో ఆగక చంద్రుడు ఎచటికి పోవుచున్నాడో చూచును. పందొమ్మిది భాగలు దాటిన మీనము. మరి పదునాలుగు భాగలకు శని. రెండున్నర దినములలో లగ్నాధిపతి సప్తమాధిపతిని కలియబోవుచున్నాడు. ఎచట? కర్కాటకమునకు నవమమున. నవమము పితృస్థానమని మన దక్షిణదేశ సంప్రదాయము. కనుక "దాచవద్దు తల్లీ, నాన్నగారితో చెప్పుము. ఇక ఈ మాట పెద్దల ద్వారా నడచినదే నిలుచును" అని చెప్పుటకు ఆధారము దొరకినది. మొదటి జవాబు ఆశ్వయుజము వరకు ఆలస్యమన్నది. ఆ ఆలస్యమునకు కారణము ఇప్పుడు తెలిసినది. రెండవ చక్రము మొదటిదానిని కొట్టివేయలేదు, దాని కడుపులోనిది బయటపెట్టినది. ఆకాశమొక్కటే, పుస్తకమొక్కటే, ఒక రాకలో గాలి మాట, ఒక రాకలో పనికివచ్చు మాట.

మొదటి ప్రశ్నయే సరిగా పడని సందర్భము మరియొకటి. లగ్నము రాశిసంధిలో, మొదటి భాగ నిండకనో చివరి భాగలోనో పడినప్పుడు, కాలములో రెండు నిమిషముల తేడా వచ్చినను రాశియే మారిపోవును. అట్టి చక్రముపై జవాబు చెప్పకుండుటే మర్యాద. అప్పుడు "వారము తరువాత రమ్ము" అనుట సబబు. అట్లే అమ్మాయి ఒకటి అడుగుచు మనస్సులో వేరొకటి పెట్టుకొన్నప్పుడు, లేదా తోడు వచ్చిన పిన్నిగారు ఆమెను మాటలాడనీయక తామే అడిగినప్పుడు, మొదటిది ప్రశ్నయే కాలేదు. ఆ పిల్ల ఒంటరిగా వచ్చి అడిగినది రెండవదైనను మొదటిదే.

మరి, ఒకే మారు రెండు మూడు ప్రశ్నలు మనస్సులో మెదలినచో? వాటికి రెండు మూడు వారములు తిరుగనక్కరలేదు. ఒకే చక్రమున మొదటి ప్రశ్నను లగ్నము నుండి, రెండవదానిని చంద్రుని నుండి, మూడవదానిని సూర్యుని నుండి చూచు మార్గమును పూర్వులు ఏర్పరచిరి. పదే పదే క్రొత్త చక్రము వేయుట వారికిని సమ్మతము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

గాలము వేయువారిని ఎట్లు గుర్తింపవచ్చును? వారు మాట మార్చుదురు, విషయము మార్చరు. "పెళ్ళి చేసుకుంటాడా?" అన్నది "నా మీద ప్రేమ ఉందా?" అగును, తరువాతి వారము "వేరే ఎవరైనా ఉన్నారా?" అగును. వినుటకు మూడు ప్రశ్నలు, అడుగున ఒక్కటే. అనుకూలమైన హోర చూచుకొని మరీ వచ్చుట మరియొక గుర్తు: పండిన ప్రశ్న వేళ చూచుకొని రాదు. నాకు అన్నిటికంటె నమ్మకమైన గుర్తు వేరు. "కుదురును" అని చెప్పినను మరుసటి వారము వచ్చువారు కలరు. కాదన్న జవాబును నమ్మక తిరుగువాని బాధ అర్థమగును. అవునన్న జవాబును సైతము నమ్మక తిరుగువానికి కావలసినది జవాబు కాదు. వారికి పది నిమిషముల ఊరట కావలెను, అది పది నిమిషములే నిలుచును. వారిని మందలింపరాదు, చక్రము మాత్రము వేయరాదు.

అందుచేత చక్రము వేయుటకు ముందు ఒక్క మాట అడుగుట మేలు: "ఈసారి కాదని వచ్చినచో రేపు ఏమి చేయుదువు? అవునని వచ్చినచో ఏమి చేయుదువు?" రెండిటికి ఒకటే సమాధానమైనచో, లేక సమాధానమే లేనిచో, అచట చూడవలసినది లేదు. మొన్నటి అమ్మాయి ఉదాహరణమున, చెల్లెలి పెళ్ళి కబురు విన్నామెకు రెండు జవాబులకు రెండు పనులున్నవి. నిద్రపట్టక వచ్చినామెకు లేవు.

ఇందు దైవజ్ఞుని దోషమును చెప్పకున్న ఈ వ్రాత పక్షపాతమగును. రెండవ మారు వచ్చిన మనిషిని గూర్చి మనకు మొదటి మారుకంటె ఎక్కువ తెలిసియుండును. అతని పేరు, ఊరు, ఆయన కులము, అమ్మాయి కంట నీరు ఏ మాటకు వచ్చినది — ఇవన్నియు వారము క్రిందటనే వినియున్నాము. అందుచేత రెండవ ఫలితము మొదటిదానికంటె సూక్ష్మముగా, నిజముగా తోచును. "పంతులుగారు ఈసారి ఉన్నదున్నట్లు చెప్పారు" అందురు. అది గ్రహములు చెప్పినది కాదు, ఆమె చెప్పినదే మరల ఆమెకు అప్పగించినది. ఈ మెప్పునకు లొంగి, రెండవ రాకలో శాంతి, మూడవ రాకలో హోమము అని పద్దు పెంచువారు మన వృత్తిలో లేరని చెప్పలేను. గడువు తీరక, క్రొత్త సంగతి లేక వచ్చినవారి వద్ద దక్షిణ పుచ్చుకొనరాదని నా మతము. దక్షిణ లేని చోట ఈ రోగము సగము తగ్గును, ఇరువైపుల.

రుక్మిణీదేవి వృత్తాంతము ఇచట స్మరింపదగినది. ఆమె ప్రశ్నయు ప్రేమప్రశ్నయే, గడువు ఇంకను దగ్గర, మరునాడే శిశుపాలునితో వివాహము. అగ్నిద్యోతనుడను విప్రుని ఒక్కసారి పంపినది. వాని రాక ఆలస్యమగుచుండగా ఎన్నో విధముల తలపోసినది, కాని రెండవ విప్రుని పంపలేదు, జోస్యము అడుగలేదు. అంతలో ఆమె ఎడమ తొడ, భుజము, నేత్రము అదిరినవి. శుభనిమిత్తము అడుగకయే వచ్చినది. వెనువెంటనే విప్రుడు వచ్చినాడు. నిమిత్తమునకును, గాలమునకును గల భేదము ఇంతకంటె స్పష్టముగా నాకు వేరొకచోట కనబడలేదు. ఇంకొకటియు గమనింపుడు: ఆమె కృష్ణుని మనస్సును మూడవవాని నోట తెలిసికొన యత్నింపలేదు; తన మాటను ఆయనకే విన్నవించుకొన్నది. ఈ దినములలో అతని మనస్సులోనిది అతనిని అడుగక, నన్ను అడుగుటకు అరువది మైళ్ళు బస్సులో వచ్చువారిని చూచినప్పుడు ఈ ఘట్టమే గుర్తుకు వచ్చును.

మా ఆలయమున పాటించు పద్ధతి చెప్పి ముగింతును. ప్రశ్న చూచిన దినమున చిన్న కాగితముపై తిథి, గంట, అడిగినవారి మాటలలోనే ప్రశ్న, చెప్పిన జవాబు, గడువు వ్రాసి వారి చేతికే ఇత్తును. అడిగినవారి పేరు వ్రాయను. మరల వచ్చువారు ఆ కాగితము తేవలెను. దాని వెనుకవైపు, నాటినుండి నేటివరకు జరిగిన క్రొత్త సంగతి ఏదో వారే తమ చేతితో ఒక్క పంక్తి వ్రాయవలెను. ఆ పంక్తి యున్నచో పీట వాల్చి కూర్చుండుమందును. కలము పట్టుకొని చాలసేపు ఆలోచించి, కాగితము మడచి జేబులో పెట్టుకొని, తీర్థము పుచ్చుకొని వెళ్ళిపోవువారే ఎక్కువ.